దవడ విరిగిన షిఫ్టుకి లీడరు కావాలి

ఇత్తడి కడ్డీ మనిషి దవడ మీద పడితే వచ్చే చప్పుడు నేను విన్నాను. పెద్దగా ఉండదు. యంత్రాల రొదలో అసలు వినపడకూడదు కూడా. కానీ హాలు మొత్తం ఒక్కసారిగా అటు తిరిగింది. ఎర్ర బకెట్ల గుట్ట పక్కన మా పెద్ద ఆపరేటరు మోకాళ్ల మీద పడున్నాడు. నోట్లోంచి కారే రక్తం బకెట్ల ఎరుపులో కలిసిపోయి, నేలమీద పడ్డాకే రక్తమని తెలుస్తోంది. ఎదురుగా, దగ్గర్లోని మురుంగపాక్కం నుంచి పనికి వచ్చే మనిషి కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండో దెబ్బ కోసం ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉంది. నలుగురు వెనక నుంచి మీద పడి, నేలకి అదిమి, వీపు మీద మోకాళ్లు పెట్టి కుమ్మారు. దెబ్బలు తింటూ అతను ఒక్క మాట అనలేదు. కిందపడ్డ పెద్ద ఆపరేటరు మాత్రం విరిగిన దవడతోనే ఏదో తిట్టబోయి, నొప్పికి ఊళ పెట్టాడు.

ఊరి చివర పారిశ్రామిక వాడలో మాది ప్లాస్టిక్ బకెట్లు, మూతలు చేసే ఫ్యాక్టరీ. నాది అక్కడ హెచ్ఆర్ ఉద్యోగం. హాజరు, సెలవులు, గొడవలు, కొత్తవాళ్లను తీసుకోవడం, అన్నీ నేనే. మా వాళ్లు తరాలుగా ఈ తమిళ ఊళ్లోనే, ఒర్లియంపేటలో కిరాణా నడిపినవాళ్లు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. పట్టు ఎక్కువ నాకు. కోపం ఇంకా ఎక్కువ. ఈ రెండూ లేకపోతే ఈ కథ ఇట్లా నడిచేది కాదు.

గొడవకి కారణం రంగు. యంత్రంలో ఎర్ర ప్లాస్టిక్ నడుస్తూ తెల్లదానికి మారాలంటే, లోపల మిగిలిన ఎరుపంతా బయటికి కక్కించాలి. కరిగిన ముద్దలు ముద్దలుగా పడుతుంది. తెలుపు శుభ్రంగా వచ్చేదాకా అదే పని. దాన్ని మావాళ్లు పర్జ్ అంటారు. అంతసేపూ ఒక్క బకెట్ రాదు, లెక్కలో ఉత్పత్తి సున్నా. అందుకని పొద్దుటి షిఫ్టువాళ్లు మధ్యాహ్నం షిఫ్టువాళ్ల మీదికి, వాళ్లు వీళ్ల మీదికి ఆ పని తోసేస్తారు. ఆ రోజు పొద్దుటి షిఫ్టు దిగుతున్నవాడు మురుంగపాక్కం మనిషి. ఎక్కుతున్నవాడు పెద్ద ఆపరేటరు. అచ్చులో ఇరుక్కున్న ప్లాస్టిక్‌ను గీతపడకుండా ఊడదీయడానికి ప్రతి యంత్రం దగ్గరా ఒక ఇత్తడి కడ్డీ ఉంటుంది. చేతికి అందింది.

మా ప్లాంట్ మేనేజరు యానాం నుంచి వచ్చినాయన. మాట తీపి, గుండె రాయి. ఆస్పత్రికి నాకంటే ముందే చేరుకున్నాడు. నేను వెళ్లేసరికి అంతా సర్దేశాడు. "మెట్ల మీంచి జారాడండీ. అదే రాయించాను. పోలీసులు, లేబర్ ఆఫీసు, ఇవన్నీ మనకెందుకండీ? ఇద్దరివీ ఉద్యోగాలు నిలబడతాయి." మర్నాడు హాల్లో షిఫ్టులవారీగా అందరినీ నిలబెట్టి, ఏమీ జరగలేదని చెప్పాడు. అందరూ విన్నారు. ఏమీ జరగలేదు. దవడకి తీగలు కట్టించుకుని పెద్ద ఆపరేటరు ఇంట్లో పడుకున్నాడు. మధ్యాహ్నం షిఫ్టు టీమ్ లీడరు ఆ హాల్లో ఇక కాలు పెట్టనని మానేశాడు. నేను కూడా నోరు మూసుకుని లోలోపల ఉడికిపోయాను.

అలా ఖాళీ అయిన టీమ్ లీడరు పోస్టుకి పెద్ద ఆపరేటరు తిరిగొచ్చాక లోపలివాళ్ల నుంచే అర్జీలు తీసుకున్నాం. ముగ్గురు పెట్టారు. ఒకడు మీసాలాయన, మేనేజరు మనసులో ముందే ఖాయమైనవాడు. మిగతా ఇద్దరూ వాళ్లే. కొట్టినవాడు, దెబ్బ తిన్నవాడు. అడ్డు చెప్పడానికి వీల్లేదు, ఏమీ జరగలేదు కదా.

"ఇంటర్వ్యూ ఎందుకండీ, మీసాలాయన్ని చూస్తేనే హాలు వణుకుతుంది. మనకి కావాల్సింది అదే" అన్నాడు మేనేజరు.

"వణికించేవాణ్ని తెచ్చుకుంటే రేపు ఇంకో దవడ విరుగుద్ది సార్" అన్నాను. చెన్నై ఆఫీసుకి రాసి, ప్యానెల్‌లో మూడో మనిషిగా అక్కడి ఆపరేషన్స్ పెద్దను రప్పించాను. తమిళాయన, చాలాకాలం నెల్లూరులో పనిచేశాడు, తెలుగు బాగా తెలుసు. తక్కువ మాట్లాడతాడు.

ఈ రకం ఇంటర్వ్యూ గురించి కాస్త చెప్పాలి. 'మీరైతే ఏం చేస్తారు' అని అడగం. అట్లా అడిగితే ప్రతివాడూ ధర్మరాజే. 'మీరు ఏం చేశారో ఒక సంగతి చెప్పండి' అని అడుగుతాం. ఎప్పుడో జరిగింది, నిజంగా జరిగింది, ఒక్కటే ఒక్కటి. ముగ్గురికీ అవే ప్రశ్నలు, అదే వరుస. తోటివాళ్ల మధ్య గొడవ వచ్చినప్పుడు ఏం చేశారు? పని సరిగా చేయని మనిషితో ఎట్లా మాట్లాడారు? మీ వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పండి. పైవాడు చెప్పింది తప్పనిపించి కాదన్న సందర్భం చెప్పండి. ఇవి పైకి మామూలు ప్రశ్నలే. అసలు పని ఆ తర్వాత తవ్వే ప్రశ్నలది. అప్పుడు మీరు ఎక్కడున్నారు? మీరు అన్న మాట ఏంటి, ఉన్నదున్నట్టు చెప్పండి. అందులో మీ చెయ్యి ఎంత? తర్వాత ఏమైంది? ఆ మనుషులు ఇప్పుడెట్లా ఉన్నారు? మళ్లీ అదే వస్తే ఏం మారుస్తారు?

మంచి జవాబు వింటే తెలిసిపోతుంది. అందులో ఒక రోజు ఉంటుంది, ఒక చోటు ఉంటుంది. మనిషి తను చేసింది తను చేసినట్టు చెప్తాడు. ఫలితంలో చెడిపోయిన ముక్క కూడా దాచడు. నేర్చుకున్నది మళ్లీ ఎక్కడ వాడాడో చూపిస్తాడు. తవ్వేకొద్దీ కొత్త వివరం ఊరుతుంది. చెడ్డ జవాబు 'నేనెప్పుడూ', 'అందరం కలిసి', 'లీడరన్నవాడు' అని మొదలై గాల్లో తిరుగుతుంది. ఒకసారి తవ్వితే రాయి తగులుతుంది. మొదటి దానికి ఐదు మార్కులు, రెండో దానికి ఒకటి. ముగ్గురం ఎవరికి వాళ్లం మార్కులు వేశాకే నోరు విప్పాలి, లేకపోతే పెద్దవాడి మార్కే అందరి మార్కూ అయిపోతుంది. ఇదంతా ముందురోజు కూర్చోబెట్టి చెప్పాను. మేనేజరు చాలా శ్రద్ధగా విన్నట్టు తల ఊపాడు.

మీసాలాయన మొదట వచ్చాడు. కుర్చీ నిండా కూర్చున్నాడు.

"ఇద్దరు తోటివాళ్ల మధ్య గొడవొచ్చినప్పుడు మీరు ఏం చేశారో ఒక సంగతి చెప్పండి."

"నా దగ్గర గొడవలు రావు మేడం. వస్తే ఆపేస్తా."

"మీరు వెంటనే వెళ్లి విడదీస్తారు, అంతే కదండీ?" మేనేజరు అందించాడు. జవాబు నోట్లో పెట్టి మింగమన్నట్టు. ఆయన వైపు కోపంగా చూసి, మళ్లీ అడిగాను. "ఒక్కటి చెప్పండి. ఎప్పుడు, ఎవరు."

కాసేపు మీసం సవరించుకున్నాడు. ఇట్లాంటప్పుడు మనం మాట్లాడకూడదు, మౌనాన్ని అట్లాగే ఉండనివ్వాలి. చివరికి పాత ఫ్యాక్టరీ సంగతి తీశాడు. ప్యాకింగులో ఇద్దరు టేపు గన్ కోసం కొట్టుకున్నారట.

"మీరేం చేశారు?"

"చెరొకటి పీకినా."

"ఏం అన్నారు?"

"ఏంది అనేది? చెంప పగిలింది, నోరు పడింది."

"కొట్లాట దేనికొచ్చిందో అడిగారా?"

"దాంతో నాకేం పని?"

"తర్వాత వాళ్లిద్దరూ ఏమయ్యారు?"

"ఒకడు ఆ వారమే మానేసినాడు. ఇంకోడు..." ఆగాడు. "ఇంకోడు నా బండి సీటు కోసిపోయినాడు."

చెన్నై ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మీసాలాయనకి తను జారిపోతున్నట్టు తెలిసింది, మొహం ఎర్రబడింది. "మళ్లీ అదే వస్తే ఏం మారుస్తారు?" అని అడగ్గానే బల్ల మీద గుద్దాడు. నీళ్ల గ్లాసు దొర్లి నా ఒళ్లో పడింది. "హాలు నడపాలంటే చెయ్యి లేవాల! ఈడ కూర్చుని రాసేదానికి ఏం తెలుసు?" అన్నాడు. మేనేజరు నవ్వాడు. చీర తుడుచుకుంటూ నేను ఒక్క మార్కు వేశాను.

తర్వాత కొట్టినవాడు. చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు, ఎండలు మండిపోతున్నా. అంచు మీద కూర్చున్నాడు. అదే ప్రశ్న అడిగాను. ఇంకేదైనా సంగతి చెప్తాడనుకున్నాను, చెప్పాలని కోరుకున్నాను కూడా. తోటి కార్మికుణ్ని కొడితే మా రూల్స్ ప్రకారం విచారణ, రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. ముగ్గురు ఆడపిల్లలు, అద్దె ఇల్లు, ఒక్కడి జీతం.

"పర్జ్ గొడవలో అన్నను కొట్టినా" అన్నాడు. "కడ్డీతో. దవడ మీద."

మేనేజరు కుర్చీ కిర్రుమంది. "ఏంటయ్యా ఏదేదో! ఆయన మెట్ల మీంచి పడ్డాడు. వేరేది చెప్పు."

"నాకు వేరేది లేదు సార్. మేడం నిజంగా జరిగింది అడిగినారు."

చెన్నై ఆయన చెయ్యెత్తి మేనేజర్ని ఆపి, నా వైపు చూశాడు. అడగమని. నా వృత్తి ప్రకారం ఇప్పుడు తవ్వాలి. తవ్విన ప్రతి ప్రశ్నకీ జవాబు గట్టిపడుతుంది, ఉద్యోగం పలచబడుతుంది. ఆపితే మిగతా ఇద్దరికీ అతనికీ ఒకే కొలత వాడినట్టు కాదు. అతను నా కళ్లలోకి చూస్తున్నాడు, అడుగు అన్నట్టే. అడిగాను.

"కొట్టే ముందు ఏం జరిగింది?"

"మాటా మాటా పెరిగింది. కోపం వచ్చింది."

"ఆయనేం చేశాడు?"

"ఆయన చేసింది ఆయన చెప్పాల మేడం. నేను చేసింది నేను చెప్తావుండా."

"రెండో దెబ్బకి చెయ్యెత్తావు. నేను చూశాను."

"ఎత్తినా. వాళ్లు పట్టుకోకపోతే వేసివుందును. చచ్చేవాడు."

"తర్వాత ఏం చేశావు?"

"అన్న ఇంటికి పోయినా. వాళ్లామె చెప్పు తీసుకుని కొట్టింది. వాకిట్లోనే. వీధంతా చూసింది. కొట్టనిచ్చినా. అన్న నమల్లేడు కదా, మా ఇంట్లో కంజి కాచి తీసుకునిపోయినా. తొలిరోజు చెంబు నా మొహాన కొట్టినాడు, ఇదో, ఈడ తెగింది." కనుబొమ్మ చూపించాడు. "మర్నాడూ పోయినా. ఆ పొద్దు తాగినాడు. తీగలు తీసేదాకా పోయినా."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏమీ లేదు. ఆయనకి నోరు కట్టుండె. నాకు నోరు రాలా."

"పనిలో ఏమైనా మార్చావా?"

అప్పుడు మొదటిసారి ముందుకు జరిగాడు. గొడవ మనుషులది కాదు, ఎవరిదీ కాని పనిది అన్నాడు. రంగు మార్చడం మొదలుపెట్టిన షిఫ్టే పర్జ్ పూర్తి చెయ్యాలని తన యంత్రం మీద పెట్టుకున్నాడట. ఎక్కేవాడు, దిగేవాడు యంత్రం ముందు కలిసి నిలబడి, ఎంతదాకా వచ్చిందో చూసుకుని చేతులు మార్చుకుంటారట. కడ్డీలు యంత్రాల పక్కన కాకుండా టూల్ బోర్డుకి తగిలించమని పక్కవాళ్లకీ చెప్పాడట.

"ఫలితం?"

"నా యంత్రం మీద గొడవ లేదు. పక్క యంత్రంవాళ్లు విన్నారు. మిగతావాళ్లు వినలా. 'నువ్వు చెప్పేదేంది, రౌడీ' అన్నారు. ఒకడు ఉమ్మేసినాడు. వాళ్లది తప్పనను."

నేను చివరి ప్రశ్నకి నోరు తెరిచాను. మళ్లీ అదే వస్తే ఏం మారుస్తావని. మేనేజరు లేచి నిలబడ్డాడు. "చాలు! చాలండీ. బయటికి నడు." అతను లేచి, కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందికి జరిపి వెళ్లాడు. చివరి ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. నా కాగితం మీద అంకె వేశాను. ఐదు. నేను కూర్చున్న ఇన్ని ఇంటర్వ్యూల్లో అంత గట్టి జవాబు వినలేదు. తన ఉద్యోగానికి తనే గొయ్యి తవ్వుకున్న జవాబు కూడా అదే. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండోదే పైకి కనబడిందని చెన్నై ఆయన తర్వాత చెప్పాడు.

ఆఖరున పెద్ద ఆపరేటరు వచ్చాడు. దవడ ఒక పక్కకి ఒరిగిపోయి, మాట ఈలలా వస్తుంది. కూర్చోకముందే మేనేజరు అందుకున్నాడు. "మీ దెబ్బ మెట్ల మీంచి పడి తగిలిందే కదండీ? ముందు అది చెప్పెయ్యండి, ఈ గందరగోళం పోతుంది."

"మెట్లే సార్" అన్నాడు నేల చూస్తూ.

"నేను అడగాల్సిన ప్రశ్న అది కాదు" అని, నా ప్రశ్న అడిగాను. గొడవలేమీ తెలియవన్నాడు. అందరం అన్నదమ్ముల్లా ఉంటామన్నాడు. ఒక్క సంగతి అన్నాను. గుర్తులేదన్నాడు. ఏ రోజూ లేదు, ఏ చోటూ లేదు. వట్టి గాలి. ఆయన అబద్ధం చెప్తున్నాడని నాకు తెలుసు, కొట్టినవాణ్ని కాపాడటానికే చెప్తున్నాడని అనుకున్నాను. అందుకే గట్టిగా తవ్వలేకపోయాను.

మేనేజరు చేతులు రుద్దుకున్నాడు. "విన్నారుగా సార్. దెబ్బ తిన్నవాడే మెట్లంటున్నాడు. అంటే ఇందాకటివాడు మీ ముందు కూర్చుని కట్టుకథ చెప్పాడు. లేని నేరం సృష్టించి కంపెనీ పరువు తీశాడు. ఇట్లాంటి అబద్ధాలకోరును ఇవాళే గేటు బయట పెడతాను."

పెద్ద ఆపరేటరు తలెత్తాడు.

"ఎవర్ని సార్?"

"వాణ్నేనయ్యా, మురుంగపాక్కం వాణ్ని. నిన్ను కొట్టానని గొప్పలు చెప్పుకుంటున్నాడు."

ఆయన లేవడం నేను చూడలేదు. చూసేసరికి బల్ల నా వైపు ఒరిగింది, కుర్చీ వెనక్కి పడింది, మేనేజరు గోడకి ఆనుకుపోయి ఉన్నాడు. కాలరు రెండు పిడికిళ్లలో నలిగిపోతోంది. "మెట్లని నాకు చెప్పిందెవరు రా? ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి మెట్లని చెప్పు, మెట్లని చెప్పు అన్నది ఎవరు?" తల గోడకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. సున్నం రాలింది. మేనేజరు మొహం నీలంగా మారింది. చెన్నై ఆయన చెయ్యి పట్టుకుని లాగితే, మోచేత్తో తోసేశాడు, ఆయన బీరువా మీద పడ్డాడు. నేను అరుస్తున్నాను. ఏం అరిచానో నాకు తెలియదు.

తలుపు విసురుగా తెరుచుకుంది. బయట కూర్చున్న మురుంగపాక్కం మనిషి లోపలికొచ్చాడు. అరవలేదు, కొట్టలేదు. వెనక నుంచి రెండు చేతులూ చుట్టి పెద్ద ఆపరేటరును రొమ్ముకి అదుముకున్నాడు. పెద్దాయన గింజుకుని తలను వెనక్కి కొట్టాడు. ముక్కు పగిలింది. రక్తం పెద్దాయన మెడ మీదుగా కారింది. పట్టు వదల్లేదు. చెవి దగ్గర నోరు పెట్టి, "అన్నా, నేనే. విడువన్నా. నీకు పిల్లోళ్లుండారు. విడు. నేనే అన్నా" అని అదే చెప్తూ పోయాడు, జోల పాడినట్టు. పిడికిళ్లు ఒక్కో వేలూ విప్పుకున్నాయి. మేనేజరు గోడమ్మట జారి కూలబడి దగ్గాడు. పెద్ద ఆపరేటరు, తన దవడ విరగ్గొట్టిన చేతుల్లోనే, మొత్తంగా ఒరిగిపోయాడు.

బీరువా పట్టుకుని లేచిన చెన్నై ఆయన చొక్కా సర్దుకున్నాడు. ఆ క్షణంలో ఇంకెవరైనా సెక్యూరిటీని పిలిచేవారు. ఆయన మాత్రం ముక్కు నుంచి రక్తం కారుతున్న మనిషిని చూసి, నేను అడగలేకపోయిన ప్రశ్న అడిగాడు. "మళ్లీ అదే వస్తే ఏం మారుస్తావు?"

అతను ఊపిరి తీసుకున్నాడు. "ఆ పొద్దు కడ్డీ పట్టుకున్నా సార్. మనిషిని పట్టుకోవాల్సింది."

అప్పుడు ఆ చేతుల మధ్య నుంచే పెద్ద ఆపరేటరు గొంతు వచ్చింది, ఈల వేస్తూ, ముక్కలు ముక్కలుగా. "మొదట చేసింది నేను సార్. పర్జ్ ముద్ద, యంత్రంలోంచి అప్పుడే పడింది, సలసల కాలేది. గ్లవ్స్ చేత్తో తీసి ఈడి చేతి మీద అదిమినా. అంటుకుపోయింది. తోలుతో వచ్చింది. ఎవురూ చూడలా. ఈడూ ఎవురికీ చెప్పలా. నాకు రోజూ కంజి తెచ్చినాడు, ఆ చేత్తోనే."

చెన్నై ఆయన వంగి మురుంగపాక్కం మనిషి చొక్కా చేతి గుండీ తానే విప్పాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం మెరుస్తూ, ముడతలు పడి, గులాబీ రంగులో ఉంది. నేను ఇంతసేపూ ఆ గుండీల వైపే చూస్తూ, చెమటలు పట్టినా మర్యాద కోసం పెట్టుకున్నాడనుకున్నాను. నా ఎదురుగా కూర్చుని, ఎంత తవ్వినా ఆ ఒక్కటీ బయటపెట్టలేదు.

మేనేజరు అప్పటికి తేరుకున్నాడు. లేచి, నా ముందున్న కాగితాలు లాక్కున్నాడు. "ఏమీ జరగలేదు. ఇంటర్వ్యూ రద్దు. కుర్చీ జారి కిందపడ్డాను, అదే రాయండి" అంటూ చింపబోయాడు. నాకు ఇక కళ్లు కనబడలేదు. చెయ్యి విసిరి మొహం మీద కొట్టాను. అరచెయ్యి మండింది. మళ్లీ ఎత్తాను. ఆ రెండో దెబ్బ పడకుండా నా మణికట్టు పట్టుకుని ఆపింది మురుంగపాక్కం మనిషే. "వద్దు మేడం" అన్నాడు. "ఒకటి పడినాక రెండోది మన మాట వినదు."

విచారణ నడిచింది. ఈసారి మెట్లు లేవు. కొట్టుకున్నందుకు రూలు ప్రకారం ఇద్దరి ఉద్యోగాలూ ఊడాలి, తామే ఒప్పుకున్నారని సస్పెన్షన్‌తో సరిపెట్టారు, మేనేజర్ని కొట్టినందుకు నాకు మెమో. దాచిపెట్టినందుకు మేనేజర్ని పంపించేశారు. మేనేజరు మెడ నొక్కినందుకు పెద్ద ఆపరేటరు ఉద్యోగం పోవాల్సింది. పెద్దాయన్ని అబద్ధంలోకి నెట్టింది ఎవరో చెన్నై ఆయన రాసినందువల్ల నిలిచింది, సీనియారిటీ పోయింది. పోస్టు సంగతికి వస్తే, ఇంటర్వ్యూ గదిలో చెప్పినదానికే మార్కులు, చేసిన నేరానికి విచారణ, రెండూ వేరని చెన్నై ఆయన తేల్చాడు. ఆయనా ఐదే వేశాడు. పోస్టు ఖాళీగా ఉంచి, సస్పెన్షన్ తీరాక మురుంగపాక్కం మనిషికిచ్చారు.

అయినా నాకు నమ్మకం లేదు. కాగితం మీద లీడరు వేరు, హాల్లో లీడరు వేరు. మొదటి మధ్యాహ్నం నేనూ కిందికి దిగాను. షిఫ్టంతా వరుసగా నిలబడింది. మీసాలాయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. పెద్ద ఆపరేటరు అందరికంటే వెనక ఉన్నాడు, ఆ ఒరిగిన దవడతో. కొత్త లీడరు చొక్కా చేతులు మోచేతిపైకి మడుచుకుని వచ్చాడు. ఇవాళ రంగు మార్చాలి, మొదట పర్జ్ ఎవరు చేస్తారు అని అడిగాడు. ఎవరూ కదల్లేదు. "రౌడీ చెప్తే చెయ్యాలా?" అని ఎవరో అన్నారు. రెండు మూడు నవ్వులు. అతని పిడికిలి బిగుసుకోవడం చూశాను, విప్పుకోవడమూ చూశాను. మళ్లీ అడిగాడు, అదే గొంతుతో.

వెనక నుంచి పెద్ద ఆపరేటరు జనాన్ని భుజంతో తోసుకుంటూ ముందుకొచ్చాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు. కాలిన ఆ చేతిని ఒక్కసారి చూసి, అతని మొహంలోకి చూశాడు.

"నేను చేస్తా" అన్నాడు. "నువ్వు కాస్త దూరం నిలబడు తమ్ముడా, ముద్ద వేడిగా ఉంటుంది."